ఆకలి, దాహం, ‘ఇక చాలు’: హైపోథలామస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కష్టపడి బరువు తగ్గి మళ్లీ పెరిగినవాళ్లు, ఎంత పెట్టినా ఇంకా కావాలని ఏడ్చే పిల్లల తల్లిదండ్రులు, ఎండాకాలంలో ఇంట్లో పెద్దవాళ్లు నీళ్లు తాగడం లేదని బెంగపడేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు ఇవి. వీటన్నిటికీ జవాబు మెదడులోని ఒకే చిన్న భాగం దగ్గర మొదలవుతుంది. ఆకలిని అదుపు చేసే లెప్టిన్ అనే హార్మోన్ గురించి ఇంటర్నెట్‌లో తప్పుడు మాటలు ఎక్కువగా తిరుగుతున్నాయి కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

హైపోథలామస్ ఎక్కడ ఉంటుంది? ఆకలికి దానితో సంబంధం ఉందని ఎలా తెలిసింది?

మెదడు అడుగు భాగంలో, పిట్యూటరీ గ్రంథికి సరిగ్గా పైన ఉంటుంది. బరువు సుమారు 4 గ్రాములు. ఒంటి వేడి, నిద్ర, అనేక హార్మోన్ల మీద అదుపు దీనిదే. వాటితో పాటు ఆకలి, దాహం కూడా.

పిట్యూటరీ దగ్గర కణితి వచ్చినవాళ్లలో కొందరు విపరీతంగా లావెక్కడాన్ని డాక్టర్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గమనించారు. తప్పు పిట్యూటరీదా, దాని పైనున్న మెదడుదా అన్నది చాలాకాలం తేలలేదు. 1940లో అమెరికాలో హెథరింగ్టన్, రాన్సన్ ఎలుకల్లో పిట్యూటరీని ముట్టుకోకుండా హైపోథలామస్‌లోని చిన్న భాగాన్ని మాత్రమే దెబ్బతీశారు. ఆ ఎలుకలు బాగా లావెక్కాయి. 1951లో మన దేశానికి చెందిన బాల్ క్రిషన్ ఆనంద్, యేల్ విశ్వవిద్యాలయంలో బ్రోబెక్‌తో కలిసి మరో సంగతి చూపించారు. హైపోథలామస్‌లో పక్కవైపు భాగాన్ని దెబ్బతీస్తే, ఎదురుగా మేత ఉన్నా ఎలుక తినదు. అలాగే శుష్కించి చనిపోతుంది. ఆనంద్ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగానికి మొదటి అధిపతి అయ్యారు.

అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో ‘ఇది ఆకలి కేంద్రం, అది తృప్తి కేంద్రం’ అన్న బొమ్మ స్థిరపడిపోయింది. ఇంటర్ పిల్లలకు ఇప్పటికీ అదే చెబుతున్నారు. అది మరీ సరళమైన బొమ్మ. ఆ ప్రయోగాల్లో కణాలతో పాటు అటుగా వెళ్లే నరాల దారులు కూడా తెగిపోయాయి. పైగా తినడం మానేసిన ఎలుకలను గొట్టంతో మేపి బతికిస్తే, కొన్నాళ్లకు వాటిలో చాలావరకు మళ్లీ సొంతంగా తిన్నాయి. అందుకే ఇప్పుడు కేంద్రాల గురించి కాక, ఏ రకం కణాలు ఏ సంకేతాన్ని వింటున్నాయన్న దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

ఒంట్లో ఎంత కొవ్వు నిల్వ ఉందో మెదడుకు ఎలా తెలుస్తుంది?

దీనికి జవాబు అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ ఎలుకల నుంచి వచ్చింది. 1950లో అక్కడివాళ్లు ఒక వింత ఎలుక జాతి గురించి ప్రకటించారు. ఆగకుండా తింటూ, మామూలు ఎలుకకు మూడింతల బరువు పెరిగేది. దాన్ని ‘ఓబీ’ అన్నారు. 1966లో అచ్చం అలాగే కనిపించే మరో జాతి దొరికింది. దానికి మధుమేహం కూడా తీవ్రంగా ఉండటంతో ‘డీబీ’ అన్నారు. రెంటిలోనూ లోపం ఒక్కొక్క జన్యువులోనే ఉంది, కానీ ఆ జన్యువులు వేరువేరు.

డగ్లస్ కోల్‌మన్ అక్కడే పనిచేసే శాస్త్రవేత్త. రెండు ఎలుకలను పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం కొంత రెండోదానిలోకి పారేలా చేశాడు. డీబీ ఎలుకను మామూలు ఎలుకతో కలిపితే, మామూలు ఎలుక తినడం మానేసి ఆకలితో చనిపోయింది. డీబీ మాత్రం తింటూనే ఉంది. డీబీని ఓబీతో కలిపితే, అంత లావు ఓబీ కూడా తిండి మానేసి చనిపోయింది. ఓబీని మామూలు ఎలుకతో కలిపితే ఓబీ తిండి తగ్గింది, ఎవరికీ ప్రాణహాని లేదు.

ఈ మూడు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘చాలు’ అని చెప్పే పదార్థం ఏదో రక్తంలో తిరుగుతోంది. ఓబీ దాన్ని తయారుచేయలేదు, కానీ బయట నుంచి అందితే వినగలదు. డీబీలో ఆ పదార్థం పొంగిపొర్లుతోంది, కానీ దానికి వినపడదు. ఆ పదార్థమేమిటో తెలియకుండానే, కేవలం తర్కంతో కోల్‌మన్ 1973 నాటికే ఇంతదాకా వచ్చాడు. జీవశాస్త్రంలో ఇంత శుభ్రమైన ఊహ నాకు తెలిసి చాలా తక్కువ. ఇరవై ఏళ్ల తర్వాత, 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జన్యువును పట్టుకుంది. అది తయారుచేసే ప్రోటీనే లెప్టిన్. దాన్ని స్రవించేది ప్రధానంగా కొవ్వు కణాలే. మరుసటి ఏడాది లెప్టిన్‌ను అందుకునే రిసెప్టర్ దొరికింది. డీబీలో చెడిపోయింది అదే. కోల్‌మన్, ఫ్రీడ్‌మన్‌లకు 2010లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు కలిపి ఇచ్చారు.

ఒక్కమాటలో చెప్పాలంటే, కొవ్వు ఇంట్లోని ధాన్యపు గాదె అయితే, అందులో గింజలు ఎంతమేర ఉన్నాయో లెప్టిన్ హైపోథలామస్‌కు చెబుతుంది. ఈ పూట అన్నం తిన్నారా లేదా అన్నది దాని పని కాదు.

లెప్టిన్ చేరాక హైపోథలామస్‌లో ఏం జరుగుతుంది?

హైపోథలామస్ అడుగున ఆర్క్యుయేట్ కేంద్రకం అనే చోటు ఉంది. దాని పక్కనే రక్తనాళాల గోడ మెదడులో మిగతాచోట్ల ఉన్నంత గట్టిగా ఉండదు. కాబట్టి రక్తంలోని సంకేతాలు ఇక్కడికి తేలిగ్గా చేరతాయి. ఇక్కడ రెండు రకాల నాడీకణాలు పక్కపక్కనే ఉంటాయి. ఏజీఆర్‌పీ కణాలు ఆకలి పుట్టిస్తాయి. పీవోఎంసీ కణాలు ‘చాలు’ అంటాయి. లెప్టిన్ మొదటి రకాన్ని అణచి, రెండో రకాన్ని ప్రోత్సహిస్తుంది.

రెండు రకాల కణాల తీగలూ చివరికి చేరేది ఎంసీ4 అనే ఒకే రకం రిసెప్టర్ దగ్గరికి. పీవోఎంసీ కణాల నుంచి వచ్చే ఆల్ఫా ఎంఎస్‌హెచ్ అనే పదార్థం దాన్ని తెరుస్తుంది, ఆకలి తగ్గుతుంది. ఏజీఆర్‌పీ దాన్ని మూసేస్తుంది, ఆకలి పెరుగుతుంది. ఈ ఒక్క రిసెప్టర్ జన్యువులో లోపం వస్తే చాలు, పిల్లలు చిన్నప్పటి నుంచే అతిగా తింటారు. ఒకే జన్యువు వల్ల వచ్చే ఊబకాయాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

ఏజీఆర్‌పీ కణాల బలం ఎంతటిదో రెండు ప్రయోగాలు చూపించాయి. 2005లో ఎదిగిన ఎలుకల్లో ఈ కణాలను మాత్రమే చంపితే, అవి కొద్దిరోజుల్లో తిండి మానేశాయి. 2011లో ఈ కణాలను కాంతితో ఉత్తేజపరిస్తే, కడుపు నిండిన ఎలుకలు నిమిషాల్లో మళ్లీ తినడం మొదలుపెట్టాయి.

ఇదంతా ఎలుకల సంగతి. మనుషుల్లో రుజువు ఉందా?

ఉంది. 1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఒరాహిల్లీ, సదఫ్ ఫరూకీ బృందం ఇద్దరు పిల్లల గురించి రాసింది. వాళ్లది పాకిస్తాన్ మూలాలున్న కుటుంబం. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన ఇల్లు. పాపకు ఎనిమిదేళ్లు, బరువు 86 కిలోలు. ఆమె దాయాది బాబుకు రెండేళ్లు, 29 కిలోలు. ఇద్దరూ పుట్టినప్పుడు మామూలు బరువే. నెలల పిల్లలుగా ఉన్నప్పుడే ఆకలి ఆగకుండా పెరిగింది. బరువు మోయలేక పాప కాళ్లకు ఆపరేషన్లు జరిగాయి. కొవ్వు తీయించే ఆపరేషన్ కూడా అయింది.

అంత కొవ్వు ఉన్న ఒంట్లో లెప్టిన్ చాలా ఎక్కువగా ఉండాలి. వీళ్ల రక్తంలో అది దాదాపు లేనట్టే ఉంది. జన్యువును చదివితే, లెప్టిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం, ఒక గ్వానిన్, లోపించింది. అక్కడి నుంచి ప్రోటీన్ వరస మొత్తం తప్పిపోయి, తయారైన లెప్టిన్ కణం నుంచి బయటికే రావడం లేదు. వీళ్లు మనుషుల్లో ఓబీ ఎలుకలు.

ఆ పాపకు తొమ్మిదేళ్లు వచ్చి, బరువు 94.4 కిలోలకు చేరాక, రోజూ చర్మం కింద లెప్టిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. కొద్దిరోజుల్లోనే తిండి తగ్గింది. పన్నెండు నెలల్లో 16.4 కిలోలు తగ్గింది, అందులో దాదాపు అంతా కొవ్వే. ఒంట్లో శక్తి ఖర్చు పెద్దగా మారలేదు. మారింది ఆకలి. మధ్యలో ఒంట్లో లెప్టిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి మందు పని కాస్త మందగించింది. మోతాదు పెంచాక మళ్లీ దారిన పడింది.

ఈ పిల్లల తల్లిదండ్రులను అప్పటిదాకా ఎంతమంది ఎన్ని మాటలు అని ఉంటారో ఊహించుకోవచ్చు. ‘పిల్లకు అదుపు నేర్పలేదు’ అన్న మాట తేలిగ్గా వస్తుంది. అదుపు లేకపోవడం కాదు, సంకేతమే లేదు.

మా ఇంట్లో మేనరికపు పెళ్లిళ్లు ఉన్నాయి. మా పాప బొద్దుగా ఉంది. భయపడాలా?

బొద్దుగా ఉన్న పిల్లల్లో అత్యధికులకు ఇలాంటి లోపం ఉండదు. ఇది అరుదైన జబ్బు. బిడ్డకు జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యు ప్రతులూ చెడ్డవై ఉండాలి. తల్లిదండ్రులకు చెరో ప్రతి బాగుంటుంది కాబట్టి వాళ్లకు ఈ జబ్బు కనిపించదు. మేనరికంలోనూ, అక్క కూతుర్ని చేసుకునే పెళ్లిళ్లలోనూ ఒకే తాత నుంచి ఒకే చెడ్డ ప్రతి రెండువైపులా వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే ఇలాంటి కుటుంబాల్లో డాక్టర్ ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

అనుమానించాల్సిన తీరు వేరు. బిడ్డ పుట్టుక బరువు మామూలే. మొదటి ఏడాదిలోనే ఎదుగుదల పటంలో బరువు గీత పై హద్దు దాటి పోతుంది. తిన్న కాసేపటికే మళ్లీ ఆకలంటుంది, తిండి తీసేస్తే తట్టుకోలేదు, రాత్రి లేచి వెతుక్కుంటుంది. ఇవన్నీ ఐదేళ్లలోపే కనిపిస్తే పిల్లల ఎండోక్రైనాలజిస్ట్‌కు చూపించండి. పీవోఎంసీ జన్యు లోపమైతే జుట్టు ఎర్రగా ఉండొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. మన పిల్లల్లో నల్లగానే ఉండొచ్చు, కాబట్టి ఆ గుర్తు లేదని వదిలేయకూడదు. లెప్టిన్ రిసెప్టర్, పీవోఎంసీ లోపాలకు సెట్‌మెలనోటైడ్ అనే మందును అమెరికా 2020లో అనుమతించింది. అది నేరుగా ఎంసీ4 రిసెప్టర్‌నే తెరుస్తుంది.

లావుగా ఉన్నవాళ్లలో లెప్టిన్ ఎక్కువే ఉంటుందంటారు. మరి ఆకలి ఎందుకు తగ్గదు?

లెప్టిన్ దొరికిన కొత్తలో అందరూ ఆశపడింది ఇక్కడే. ఇంజెక్షన్ ఇస్తే లావు కరిగిపోతుందనుకున్నారు. 1999లో వచ్చిన పెద్ద ప్రయోగ ఫలితం నిరాశపరిచింది. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో కొందరు కొన్ని కిలోలు తగ్గారు, చాలామంది పెద్దగా తగ్గలేదు. వాళ్ల రక్తంలో లెప్టిన్ ముందే నిండుగా ఉంది. హైపోథలామస్ దానికి సరిగ్గా స్పందించడం లేదు. దీన్నే లెప్టిన్ రెసిస్టెన్స్ అంటారు.

లెప్టిన్‌ను ‘లావు తగ్గించే హార్మోన్’ అని చూడటమే పొరపాటని నా నమ్మకం. దాని అసలు పని కరువు వచ్చినప్పుడు గంట కొట్టడం. 1996లో బోస్టన్‌లో ఎలుకలతో చేసిన ప్రయోగం దీన్ని స్పష్టం చేసింది. ఆకలితో మాడ్చిన ఎలుకల్లో థైరాయిడ్ మందగిస్తుంది, సంతాన హార్మోన్లు పడిపోతాయి. వాటికి లెప్టిన్ ఎక్కిస్తే, తిండి లేకపోయినా, ఆ మార్పులు చాలావరకు ఆగిపోయాయి. అంటే ఒంటికి ‘కరువు’ అని చెప్పింది లెప్టిన్ తగ్గడమే. లెప్టిన్ పడిపోతే మెదడు గట్టిగా స్పందిస్తుంది. మామూలు స్థాయిని దాటి ఎంత పెరిగినా అంత గట్టిగా పట్టించుకోదు. మరీ సన్నబడిన క్రీడాకారిణుల్లో నెలసరి ఆగిపోవడం వెనక కూడా ఈ సంకేతం పాత్ర ఉంది.

డైటింగ్ చేసి బరువు తగ్గాను. ఏడాది తిరిగేసరికి ఆకలి మునుపటికంటే ఎక్కువైంది. ఇది నా బలహీనతా?

కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున 13.5 కిలోలు తగ్గారు. లెప్టిన్ బాగా పడిపోయింది, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ పెరిగింది. ఇదంతా అనుకున్నదే. ముఖ్యమైన సంగతి ఆ తర్వాతిది. ఏడాది గడిచాక, అప్పటికే కొంత బరువు తిరిగి పెరిగినా, లెప్టిన్ మొదటి స్థాయికి రాలేదు. ఘ్రెలిన్ కూడా ఎక్కువగానే ఉంది. ఆకలి ఎక్కువగా ఉందని వాళ్లే చెప్పారు. ఈ ఫలితం 2011లో అచ్చయింది.

కొవ్వు కణాలు చిన్నబడేసరికి లెప్టిన్ తగ్గుతుంది, హైపోథలామస్ దాన్ని కరువుగానే చదువుతుంది. మీరు కావాలని తగ్గారో, తిండి దొరక్క తగ్గారో దానికి తెలియదు. దీని అర్థం బరువు తగ్గడం వృథా అని కాదు. మొదటి మూడు నెలల ప్లాన్ ఒక్కటే వేసుకుంటే సరిపోదని. తగ్గాక కనీసం ఏడాదిపాటు ఆకలి ఎక్కువగానే ఉంటుందని ముందే లెక్కవేసుకోవాలి. పప్పు, గుడ్లు, పెరుగు, కూరగాయల లాంటి నిలకడగా కడుపు నింపేవాటిని రోజువారీ భోజనంలో స్థిరపరచుకోవాలి.

ఘ్రెలిన్ అంటే ఏమిటి?

ఖాళీ కడుపు పంపే సంకేతం. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా కనుగొన్నారు. 28 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఇది. ప్రధానంగా జీర్ణాశయం పైభాగపు గోడలోని కణాల్లో తయారవుతుంది. దానికి ఒక కొవ్వు ఆమ్లం అతుక్కుంటేనే పనిచేస్తుంది. నేరుగా రక్తం ద్వారానూ, కడుపును మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారానూ దాని కబురు మెదడుకు చేరుతుంది. అక్కడ లెప్టిన్ అణిచే ఏజీఆర్‌పీ కణాలనే ఇది రెచ్చగొడుతుంది.

భోజనానికి ముందు రక్తంలో ఘ్రెలిన్ దాదాపు రెట్టింపవుతుంది, తిన్న గంటలో పడిపోతుంది. మనుషుల రక్తంలోకి దాన్ని ఎక్కిస్తే, ఆ పూట సుమారు నాలుగో వంతు ఎక్కువ తిన్నారు. ఒక హద్దు కూడా చెప్పాలి. ఘ్రెలిన్ జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుకలు దాదాపు మామూలుగానే తిన్నాయి. అంటే ఆకలికి ఇదొక్కటే ఆధారం కాదు. లావుగా ఉన్నవాళ్లలో సాధారణంగా ఇది తక్కువే ఉంటుంది. ఆకలి ఎప్పటికీ ఆగని ప్రాడర్ విల్లీ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు ఉన్నవాళ్లలో మాత్రం చాలా ఎక్కువ.

ఏకాదశి ఉపవాసం రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు కరకరలాడిన ఆకలి, మూడింటికి ఏమీ తినకుండానే ఎలా సర్దుకుంటుంది?

ఘ్రెలిన్ ఖాళీ కడుపుతో పాటు మీ అలవాటు వేళను కూడా అనుసరిస్తుంది. రోజూ ఒంటిగంటకు తినేవాళ్లకు ఆ వేళకు ముందు పెరుగుతుంది. ఒక రోజంతా ఏమీ తినకుండా ఉన్నవాళ్లలో పదేపదే కొలిచినప్పుడు, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి భోజనాల వేళకు ఘ్రెలిన్ పెరిగి, తిండి లేకుండానే మళ్లీ తగ్గింది. ఆకలి గంటగంటకూ పోగవుతూ పోదు, అలలుగా వస్తుంది. రంజాన్‌లో మొదటి రోజులకంటే తర్వాతి రోజులు తేలికపడ్డాయని చెప్పేవాళ్లు ఉంటారు. భోజన వేళ మారితే ఈ అలల వేళ కూడా క్రమంగా మారడం దానికి ఒక కారణం కావచ్చు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ఈ అల తగ్గే దాకా ఓపిక పట్టకూడదు. వాళ్లలో ఆకలి, చెమట, వణుకు కలిసి వస్తే అది షుగర్ పడిపోవడం కావచ్చు. వెంటనే చూసుకోవాలి.

తినేటప్పుడు ‘ఇక చాలు’ అని చెప్పేది లెప్టినా?

ఆ పూటకు చెప్పేది లెప్టిన్ కాదు. జీర్ణాశయం సాగిన సంగతి వేగస్ నాడి చెబుతుంది. అన్నం చిన్నపేగులోకి దిగగానే కొవ్వు, ప్రోటీన్ తగిలి సీసీకే అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇంకాస్త కిందికి వెళ్లాక జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు వస్తాయి. ఇవి మెదడు కాండంలోని కణాలకు, అక్కడి నుంచి హైపోథలామస్‌కు చేరతాయి. అన్నం పేగులోకి దిగడానికి సమయం పడుతుంది కాబట్టి, పది నిమిషాల్లో ప్లేటు ఖాళీ చేసేవాళ్లు ఈ కబుర్లు అందేలోపే ఎక్కువ తినేస్తారు. లెప్టిన్ చేసేదల్లా ఈ కబుర్లు ఎంత గట్టిగా వినపడాలో నిర్ణయించడం. నిల్వలు తగ్గినవాళ్లకు అదే భోజనం చాలినట్టు అనిపించదు.

బరువు తగ్గడానికి ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ జీఎల్‌పీ-1 పద్ధతిలోనే పనిచేస్తుంది. ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 నిమిషాల్లో కరిగిపోతుంది. ఈ మందు వారం నిలుస్తుంది. ఆపేస్తే చాలామందిలో ఆకలి, బరువు తిరిగి వస్తాయి. దానికి ఒక కారణం పైన చెప్పిన కరువు సంకేతం.

దాహం కూడా ఇలాంటి హార్మోన్ల వల్లేనా?

దాహం ప్రధానంగా రక్తం చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. నీటిలో కరిగి ఉన్న ఉప్పు లాంటివి ఎంత ఉన్నాయన్న కొలతకు ఆస్మొలాలిటీ అని పేరు. ల్యాబ్ రిపోర్ట్ చేతిలో ఉంటే మీరే లెక్కవేసుకోవచ్చు. సోడియాన్ని రెట్టింపు చేసి, దానికి షుగర్‌ను 18తో, యూరియాను 6తో భాగించి కలపాలి. సోడియం 140, షుగర్ 90, యూరియా 30 అనుకోండి. 280, 5, 5 కలిపి 290. మామూలు పరిధి 280 నుంచి 295. ఇందులో ప్రధాన భాగం సోడియానిదే. యూరియా లెక్కలోకి వస్తుంది గానీ, కణాల్లోకి తేలిగ్గా దూరిపోతుంది కాబట్టి దాహం పుట్టించదు.

మెదడు మధ్యలో ద్రవం నిండి ఉండే మూడో జఠరిక అనే గది ముందుగోడలో, రక్తానికి అడ్డుగోడ లేని రెండు చిన్న చోట్లలోని కణాలు ఈ చిక్కదనాన్ని కొలుస్తాయి. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, అవి కుంచించుకుపోయి కబురు పంపుతాయి. ముందుగా వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. దాన్ని తయారుచేసేది హైపోథలామస్, రక్తంలోకి వదిలేది పిట్యూటరీ వెనక భాగం. అది కిడ్నీలను నీళ్లు దాచుకోమంటుంది, మూత్రం చిక్కబడుతుంది. ఇంకాస్త చిక్కబడ్డాక దాహం తెలుస్తుంది. అంటే దాహం వేసేసరికే ఒళ్లు నీటి పొదుపు మొదలుపెట్టేసింది.

రెండో దారి రక్తం పరిమాణం తగ్గడం. విరేచనాలు, వాంతులు, రక్తస్రావం అయినప్పుడు కిడ్నీల నుంచి మొదలయ్యే యాంజియోటెన్సిన్ ఈ కణాలనే తడుతుంది. ఇది తెలియాలంటే తగ్గుదల పది శాతం దగ్గరికి రావాలి. చిక్కదనపు దారి అంత సున్నితం కాదిది. విరేచనాల్లో ఉప్పు, నీళ్లు రెండూ పోతాయి కాబట్టి చిక్కదనం పెద్దగా మారకపోవచ్చు. దాహం ఆలస్యంగా తెలియవచ్చు. వట్టి నీళ్లు కాకుండా ఓఆర్ఎస్ ఇవ్వమనడం పోయిన ఉప్పు కూడా తిరిగి అందాలనే.

నీళ్లు రక్తంలో కలవడానికి పది నిమిషాలకు పైగా పడుతుంది కదా, గ్లాసు తాగగానే దాహం ఎలా తీరుతుంది?

గొంతులో దిగే గుటకలను మెదడు లెక్కపెడుతుంది. 2016లో కాలిఫోర్నియాలో ఎలుకలు నీళ్లు తాగుతుండగా ఈ దాహపు కణాలను గమనించారు. తాగడం మొదలైన నిమిషంలోపే అవి నెమ్మదించాయి, రక్తంలో అప్పటికి ఏ మార్పూ లేదు. ఆ తర్వాత పేగుల నుంచి అసలు లెక్క అందుతుంది. తాగింది ఉప్పునీళ్లయితే దాహం మళ్లీ లేస్తుంది. ఆకలి కణాలదీ ఇదే తీరు. ఆకలిగా ఉన్న ఎలుకకు తిండి కనబడగానే, నోట పెట్టకముందే, ఏజీఆర్‌పీ కణాల చురుకు పడిపోతుంది.

అమ్మమ్మ ‘నాకు దాహం లేదమ్మా’ అంటుంది. బలవంతంగా తాగించాలా?

వయసుతో దాహపు సంకేతం మందగిస్తుంది. 1984లో ఆరోగ్యంగా ఉన్న యువకులనూ, వృద్ధులనూ 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచి చూశారు. వృద్ధుల రక్తం ఎక్కువ చిక్కబడినా, వాళ్లకు దాహం తక్కువ అనిపించింది. తర్వాత నీళ్లు ఇచ్చినా తక్కువే తాగారు. కాబట్టి అమ్మమ్మ నిజమే చెబుతోంది, నిజంగా ఆమెకు దాహం తెలియడం లేదు. 2015 మే నెల ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వేసవిలో పెద్దవాళ్ల విషయంలో దాహం కోసం ఎదురుచూడటం ప్రమాదం.

బలవంతం కంటే వేళ పెట్టడం మేలు. టిఫిన్‌తో, మందులతో, సాయంత్రం టీకి ముందు ఒక్కో గ్లాసు, మధ్యలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. మూత్రం ముదురు పసుపుగా ఉంటే, రోజుకు రెండు మూడుసార్లే వెళ్తుంటే, లేవగానే తల తిరుగుతుంటే, మామూలుకంటే మతిమరుపుగా మాట్లాడితే నీళ్లు తగ్గాయని అనుమానించండి. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు నీళ్లకూ ఉప్పుకూ హద్దు ఉంటుంది. వాళ్ల లెక్క డాక్టర్‌నే అడగాలి.

హైపోథలామస్‌కే దెబ్బ తగిలితే ఎలా తెలుస్తుంది?

పిల్లల్లో ఎక్కువగా కనిపించే కారణం క్రేనియోఫారింజియోమా అనే కణితి, లేదా దానికి చేసిన ఆపరేషన్. తర్వాతి నెలల్లో బరువు వేగంగా పెరగడం, తిండి తగ్గించినా ఆగకపోవడం దాని గుర్తు. తలనొప్పి, పక్కచూపు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం కూడా ఉంటే ఎంఆర్ఐ ఆలస్యం చేయకూడదు. వాసోప్రెసిన్ లోపిస్తే రోజుకు మూడు లీటర్లకు పైగా నీళ్లలాంటి మూత్రం, రాత్రంతా దాహం. ముందు షుగర్ పరీక్ష చేస్తారు, ఎందుకంటే మధుమేహమే ఎక్కువమందిలో కారణం. అన్నిటికంటే ప్రమాదం, వాసోప్రెసిన్‌తో పాటు దాహం కూడా పోవడం. అలాంటివాళ్లకు రోజూ బరువు చూసుకుంటూ, కొలిచి నీళ్లు తాగించాలి.

లెప్టిన్ పరీక్ష చేయించుకోవాలా? లెప్టిన్ మాత్రలు పనిచేస్తాయా?

మామూలుగా లావున్న పెద్దవాళ్లకు ఆ పరీక్ష అనవసరం. ఎక్కువ ఉంటుందని ముందే తెలుసు, ఫలితం చూసి చికిత్సలో మార్చేదేమీ ఉండదు. చిన్నప్పుడే మొదలైన తీవ్రమైన ఊబకాయంలోనూ, ఒంట్లో కొవ్వే లేని లైపోడిస్ట్రఫీలోనూ మాత్రం అది విలువైనది. ఒళ్లంతా కొవ్వు లేని లైపోడిస్ట్రఫీకి లెప్టిన్ లాంటి మెట్రెలెప్టిన్ ఇంజెక్షన్‌ను అమెరికా 2014లో అనుమతించింది.

మాత్రల సంగతి: లెప్టిన్ ప్రోటీన్. మింగితే మాంసంలోని, పప్పులోని ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది, రక్తంలోకి లెప్టిన్‌గా చేరదు. ‘లెప్టిన్’ అని సీసా మీద రాసి అమ్మేవాటిలో సాధారణంగా లెప్టినే ఉండదు, ఏవో మొక్కల సారాలు ఉంటాయి. ఆ డబ్బు దాచుకోండి.